సర్దుడక్క నిలబెట్టిన తాగుబోతు

మా కంట్రోల్ సిస్టమ్స్ ల్యాబులో దుమ్ము బతికి బట్టకట్టింది లేదు. పందొమ్మిదేళ్లుగా అక్కడ సర్దుడక్క ఉంది. స్క్రూడ్రైవర్లు పొడుగు వారీగా వరసలో పడుకోవాలి, తీగలు రంగుల వారీగా మేకులకు వేలాడాలి, మీటరు వాడినవాడు దాని మూత పెట్టాలి. పెట్టకపోతే ఆమె ఏమీ అనదు. వాడి ఎదురుగా వచ్చి నిలబడి, తనే మూత పెట్టి, ఒక్కసారి వాడి మొహం చూసి వెళ్లిపోతుంది. దాని కన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ, పెట్టిన సంగతి ఆమెకు తెలుసు. "సర్దితే సర్దుడక్క అన్నారు, తప్పేముంది? చెరిపితే ఏమనేవాళ్లో!" అని నవ్వేసింది.

నేను లిఫ్టు మెకానిక్‌ని. పగలంతా ఏదో ఒక మేడ మీద, ఏదో ఒక చీకటి గొయ్యిలో ఉంటాను. సాయంత్రం ఆరింటికి డిగ్రీ క్లాసు. మా క్లాసులో ఉన్న ఆరుగురం అలాంటివాళ్లమే, పని చేసుకుంటూ చదివేవాళ్లం. అందరిలోకీ పెద్దది సర్దుడక్క, నలభై ఏడేళ్లు. పొద్దున తొమ్మిది నుంచి అయిదు వరకు ఆమె ఆ ల్యాబుకి సహాయకురాలు. ఆరు నుంచి అదే ల్యాబులో విద్యార్థిని. మధ్యలో దొరికిన గంటలో మొహం కడుక్కుని, నీలం కోటు విప్పి మేకుకు తగిలించి, తను ఊడ్చిన గదిలోకి తనే పుస్తకాలు పట్టుకుని వచ్చి కూర్చునేది.

కోటు విప్పినంత తేలిగ్గా కొన్ని అలవాట్లు విప్పలేం. ఆమె ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక కుర్రాడు మోటారు ఎందుకు వణుకుతోందని అడిగాడట. ఈవిడ చెప్పింది. చెప్పింది సరైనదే. ఆ వెధవ వెళ్లి, క్లాసులో అప్పటి మాస్టారి మాటకు అడ్డం తగిలి, "ల్యాబులో అక్క ఇలా కాదన్నారండీ" అన్నాడు. మాస్టారికి కోపం వచ్చింది. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, సహాయకులు విద్యార్థులకు బోధించరాదని. ఆ మాస్టారు రిటైరై ఏళ్లు గడిచాయి. ఆ కాగితం మాత్రం అక్క గుండెల్లో అలాగే ఉండిపోయింది. ఎవరేమడిగినా ఒకటే జవాబు, "మాస్టారుని అడుగు నాన్నా."

తెలియక కాదు. ఆ మాట నాకు మొదటి నెలలోనే తెలిసిపోయింది. రెండు చక్రాల మీద నిలబడే బండికి బరువైన బ్యాటరీ కింద పెట్టాలా పైన పెట్టాలా అని నేను తలబద్దలు కొట్టుకుంటున్నాను. కింద పెడితేనే గట్టిగా నిలుస్తుందని నా వాదం. నాకు వాదాలు ఎక్కువ. అక్క మూలనున్న చీపురుకర్ర తెచ్చి నా అరచేతిలో నిటారుగా నిలబెట్టింది. చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూ పడకుండా ఆపగలిగాను. తర్వాత దాన్ని తీసేసి పెన్సిల్ నిలబెట్టింది. నేను చెయ్యి కదిపే లోపే పడిపోయింది. పొడుగుదైతే, బరువు ఎత్తులో ఉంటే, నెమ్మదిగా వాలుతుంది. సర్దుకోవడానికి మనకు వ్యవధి దొరుకుతుంది. బ్యాటరీ పైకి వెళ్లింది. నోటితో చెప్పకూడదన్నారు కానీ చేత్తో చూపించకూడదని ఆ కాగితంలో లేదు కదా!

ఇంతకీ ఆమె ఎందుకు చదువుతోందంటే, ల్యాబులో బోధకుల ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. డిగ్రీ ఉన్నవాళ్లకే అది. డిగ్రీకి ఆమెకు ఒక్క పేపరే మిగిలింది, ఈ కంట్రోల్ ల్యాబు పరీక్షే. దాన్ని ఆమె అప్పటికే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ బండి నిలబడింది. తర్వాత జరిగే వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ప్రశ్న అడిగితే ఈవిడ నోరు పెగల్లేదు. కిందటిసారి తలుపు దగ్గర నిలబడి విన్న నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ప్రశ్నలకు జవాబులు ఆమె వేళ్లకు తెలుసు, మాకు తెలిసినవన్నీ ఆ వేళ్లు చూపించినవే. ఇది మూడోసారి, నిబంధనల ప్రకారం ఆఖరుసారి. ఇప్పుడు తప్పితే ఆ ఉద్యోగమూ లేదు, డిగ్రీ కూడా లేదు. రిటైరయ్యే దాకా మీటర్లకు మూతలు పెట్టుకుంటూ, "మాస్టారుని అడుగు నాన్నా" అనుకుంటూ ఉండాలి.

ఇక ఆ బండి సంగతి. పరీక్ష రాసిన ప్రతిసారీ దాన్ని మొదటి నుంచి కొత్తగా కట్టాల్సిందే. జానెడున్నర ఎత్తు ఉంటుంది. కింద పక్కపక్కన రెండు చక్రాలు, వాటికి రెండు మోటార్లు. మధ్య అంతస్తులో చిన్న బోర్డు, దాని పక్కన వేలిగోరంత సెన్సరు. పై అంతస్తులో బ్యాటరీ. ముందుకు వాలితే చక్రాలు ముందుకు పరుగెత్తి తల కిందికి చేరాలి, వెనక్కి వాలితే వెనక్కి. అంతే పని. కానీ ఆ అంతే పనికి మాకు నాలుగు నెలలు పట్టింది. మొదట్లో అది ఊగిన తీరు చూసి దానికి తాగుబోతు అని పేరు పెట్టాను. ఆ పేరే స్థిరపడింది.

ఎంత వాలిందో చెప్పాల్సింది సెన్సరు. అందులో ఇద్దరు కాపురం ఉంటారు. యాక్సెలరోమీటరుకి నేల ఎటుందో తెలుసు, కానీ కంగారు మనిషి, బండి కాస్త కుదిపితే చాలు, నోటికొచ్చింది చెబుతాడు. జైరో తొణకడు బెణకడు, ఎంత వేగంగా వాలుతోందో చక్కగా చెబుతాడు. కానీ అతని లెక్కలో ఒక పిసరు తప్పుంటుంది, అది కూడుతూ కూడుతూ పది నిమిషాలకు బండి పడుకుని ఉన్నా నిలబడి ఉందంటాడు. అందుకని జైరో మాట తొంభై ఎనిమిది పాళ్లు, యాక్సెలరోమీటరు మాట రెండు పాళ్లు కలిపి నమ్ముతాం. ఇద్దరు సాక్షుల్లో ఎవరి మాట ఎంత నమ్మాలో తెలిస్తే న్యాయం సగం జరిగినట్టే.

జైరో చెప్పేది వేగం మాత్రమే. ఎంత వాలిందో కావాలంటే ఆ వేగాన్ని, ఎంతసేపు వాలిందన్నదానితో గుణించాలి. బోర్డు ఈ పనంతా ఒకదాని తర్వాత ఒకటి చేసి మళ్లీ మొదటికి వస్తుంది, చదవడం, లెక్కగట్టడం, మోటార్లకు చెప్పడం. ఒక్కో చుట్టుకు ఎంతసేపు పడుతోందో అక్క ఆసిలోస్కోపు, అదే, కరెంటు ఎగుడుదిగుళ్లను తెర మీద గీతగా చూపే పెట్టె, పెట్టి కొలిచింది. సరిగ్గా పది మిల్లీసెకన్లు. ఆ పదిని ప్రోగ్రాములో రాసేసింది. కొలవకుండా ఏదీ రాయని మనిషి ఆవిడ.

ఆ పైన మూడు అంకెలు సవరించాలి. మొదటిది, వాలినదాన్ని బట్టి చక్రాలు ఎంత గట్టిగా తోయాలన్నది. తక్కువైతే బండి బద్ధకంగా వాలి పడిపోతుంది, ఎక్కువైతే జ్వరమొచ్చినట్టు వణుకుతుంది. రెండోది, వాలే వేగాన్ని బట్టి పగ్గం వేసేది. వణుకు అణిగేది దీనితోనే. మూడోది, చిన్న తప్పు చాలాసేపు అలాగే ఉండిపోతే దాన్ని పోగుచేసి సరిదిద్దేది, కొద్దిగా చాలు. మేమందరం మూడూ ఒకేసారి మార్చి, బాగుపడితే దేనివల్ల బాగుపడిందో, చెడితే దేనివల్ల చెడిందో తెలియక జుట్టు పీక్కునేవాళ్లం. అక్క మాత్రం మొదటిదాన్ని వణుకు వచ్చే దాకా పెంచి, కాస్త తగ్గించి, తర్వాత రెండోదాని మీద చెయ్యి వేసి, ఒకసారికి ఒకటే మార్చి పుస్తకంలో రాసుకునేది. బండి ఏమనుకుంటోందో తెలియడానికి ప్రతి చుట్టులోనూ కంప్యూటరు తెరకు కొన్ని అంకెలు పంపించేది. వాలిన కోణం, మోటారుకిచ్చిన బలం, ఇంకా ఏవేవో, వరస వెంట వరస. వాటిని చూస్తూ సవరించేది.

ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. బావగారు దర్జీ. హాల్లో ఒక పక్క ఆయన కుట్టు మిషను, మిగతా నేలంతా తాగుబోతు రాజ్యం. అక్క మోటార్లు ఆపేసి బండిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, అటు పడనూ ఇటు పడనూ అనే చోటు వెతుకుతోంది. తెర మీద ఆ కోణం చూసింది. సున్నా కాదు, ఒకటిన్నర డిగ్రీ. బరువు ఒక పిసరు ముందుకు ఉందన్నమాట. ఆ ఒకటిన్నరనే నిటారు అనుకోమని బండికి చెప్పింది. అంతవరకూ మెల్లగా ముందుకు జరిగిపోయి కుట్టు మిషను కింద దూరుతున్న బండి అక్కడికక్కడే నిలబడిపోయింది.

"చూశావా బావా!" అన్నాను.

"చూశాను. నా మిషను పాతికేళ్లుగా ఒక్కసారీ పడలేదు, ఎందుకో తెలుసా? నాలుగు కాళ్లు పెట్టించారు. మీ అక్కకి ఆ ముక్క చెప్పు," అన్నాడు ఆయన, నోట్లో గుండుసూదులు తీయకుండానే.

లోపలి నుంచి అక్క అత్తగారు కర్ర పొడుచుకుంటూ వచ్చింది. బండిని కాసేపు తేరిపార చూసి, "దీనికి ఇంత తిప్పలు ఎందుకే? ఆ గోడకు ఆనించరాదూ?" అంది. అక్క నవ్వాపుకోలేక నేల మీద కూలబడింది. బండి మాత్రం నిలబడే ఉంది. ముసలావిడకు ఏమనిపించిందో, కర్ర కొసతో దాన్ని మెల్లగా పొడిచింది. అది వెనక్కి వాలి, నాలుగంగుళాలు పరుగెత్తి, తల ఊపి మళ్లీ సర్దుకుంది. "ఓసి దీని దుంపతెగ! ఎదురు తిరుగుతోందే!" అని ఆవిడ మళ్లీ పొడిచింది. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ దాన్ని పొడుస్తూనే ఉంది. పరీక్షలో పరీక్షకుడు చేసేది కూడా అదేనని చెబితే, "అయితే నన్నే పంపండి, నేనైతే తప్పించను," అంది.

పరీక్ష కూడా ఆదివారం పొద్దునే. నిబంధనలు తేలిక. నేల మీద టేపుతో గీసిన చదరంలో కంప్యూటరు తీగ లేకుండా బండి నిమిషం పాటు నిలబడాలి. ఆ నిమిషంలో పరీక్షకుడు వేలితో రెండుసార్లు తోస్తాడు, పడకూడదు. మొదటిసారి పడితే ఒక గంటలోగా రెండో అవకాశం. తర్వాత వైవా.

ముందు నా వంతు. నా బండి చదరం అంచుల దాకా షికారు కొట్టి, టేపు దాటకుండా నిమిషం పూర్తిచేసింది. వైవాలో కూడా గట్టెక్కాను. నన్ను మించినవాడు లేడన్నట్టు వెళ్లి కిటికీ పక్క కూర్చున్నాను. రెండోవాడూ గట్టెక్కాడు. మూడోది అక్క.

బండిని చదరంలో పెట్టింది. జైరో తన సున్నా తెలుసుకోవడానికి రెండు సెకన్లు కదలకుండా పట్టుకుంది. వదిలింది. అంతే! తాగుబోతు గజగజ వణికిపోయింది. మోటార్లు గరగరలాడాయి, చక్రాలు ముందుకూ వెనక్కూ చిన్న చిన్న కుదుపులతో కొట్టుకున్నాయి, మూడో సెకనుకు బోర్లా పడింది. ముందు రోజు సాయంత్రం నా కళ్ల ముందు అయిదు నిమిషాలు నిలబడిన బండి అది.

పరీక్షకుడు గడియారం చూశాడు. నెరిసిన మీసం, నలగని ఇస్త్రీ చొక్కా. "గంట ఉందమ్మా. కంగారు పడకండి," అన్నాడు. మా మాస్టారు మాత్రం గది మూలన నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

అక్క బండిని తన బల్ల మీదకు తెచ్చుకుంది. నాకు మనసాగలేదు. నీళ్లు తాగే నెపంతో వెనక నుంచి వెళ్లి, "అక్కా, వణుకుతోందంటే మొదటి అంకె ఎక్కువైనట్టే. సగానికి తగ్గించు," అని గొణిగాను.

ఆమె తగ్గించింది. బల్ల పక్కనే నేల మీద పెట్టి చూసింది. వణుకు పోయింది. కానీ బండి మెల్లగా, బద్ధకంగా ముందుకు వాలి, దాన్ని అందుకోలేక పరుగెత్తి పరుగెత్తి గోడకు గుద్దుకుంది. కొంచెం పెంచింది, మళ్లీ వణికింది. ఇంకొంచెం తగ్గించింది, మళ్లీ పారిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నడుమ నిలబడే చోటే లేదు.

"అయితే రెండోది పెంచి చూడక్కా, మూడోది తీసెయ్..."

"ఒరేయ్, నోరు మూసుకుని కాసేపు ఊరుకో," అంది. పందొమ్మిదేళ్లలో ఆ ల్యాబులో ఆమె ఎవరినైనా అలా అనడం అదే మొదటిసారి అయ్యుండాలి. నాకు కోపం రాలేదు. ఆ గొంతులో కంగారు లేదు, అదీ సంగతి.

ఆమె తన పుస్తకం తీసింది. అంకెలు మూడూ ముందు రోజువే మళ్లీ పెట్టింది. చక్రాలు చూసింది, బ్యాటరీ ఎంత నిండి ఉందో మీటరుతో కొలిచి మూత పెట్టింది. సెన్సరు మరలు బిగువుగానే ఉన్నాయి. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని తనలో తనే అడుగుతోంది, పైకే వినపడుతోంది. "నిన్న నిలబడింది. ఈరోజు పడింది. మధ్యలో నేనేం మార్చాను?"

తల పట్టుకుంది. "అయ్యో... పొద్దున సర్దాను."

ఏం సర్దిందో నాకు తర్వాత చెప్పింది. పొద్దున్నే లేచి, బ్యాటరీ చార్జింగులో పెట్టి, ప్రోగ్రామును ఒకసారి చదువుకుందట. తెరకు అంకెలు పంపే వాక్యాలు ఎనిమిది, పది కనిపించాయి. పరీక్షలో కంప్యూటరు తీగే ఉండదు, ఇక ఇవెందుకు? ఇంటికి చుట్టాలు వస్తుంటే గుమ్మంలో చెప్పులు తీసేసినట్టు వాటన్నిటినీ తీసేసింది. ప్రోగ్రాము అద్దంలా తయారైంది. బోర్డులోకి ఎక్కించింది. బ్యాటరీ ఇంకా చార్జింగులోనే ఉంది, నేల మీద బావగారు పడుకుని ఉన్నాడు, నిలబెట్టి చూడలేదు. అంకెలు చూపించడం మానేస్తే బండికి ఏమవుతుంది?

నేనైతే ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాణ్ని. అక్క ఆగలేదు. లేచి వెళ్లి ఆసిలోస్కోపు తెచ్చింది. తను రోజూ తుడిచే ఆసిలోస్కోపు. చుట్టు తిరిగిన ప్రతిసారీ వోల్టేజి ఒకసారి పైకి, మరోసారి కిందికి మారే పిన్ను ఒకటి ఆ బోర్డు మీద ఉంది, మొదట కొలిచినప్పుడు ఆమె పెట్టుకున్నదే. దానికి తీగ తగిలించింది. తెర మీద మెట్లు మెట్లుగా గీత వచ్చింది. మెట్టు వెడల్పు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. మొహం విప్పారింది.

"నాలుగు!" అంది.

పది కాదు, నాలుగు మిల్లీసెకన్లు. నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఎంత తేలిక సంగతి! ఆ అంకెలు తెరకు పంపించడానికే ప్రతి చుట్టులోనూ చాలా సమయం పోయేది. అవి తీసేసరికి చుట్టు త్వరగా తిరుగుతోంది. ప్రోగ్రాము మాత్రం చుట్టుకు పది అనే నమ్ముతోంది. జైరో చెప్పిన వేగాన్ని నాలుగుతో గుణించాల్సిన చోట పదితో గుణిస్తోంది. ఒక డిగ్రీ చటుక్కున వాలితే రెండున్నర డిగ్రీలు వాలాననుకుని, పడిపోతున్నానురా దేవుడా అని చక్రాలను అవసరానికి మించి తోస్తోంది. ఆ హడావుడే వణుకు. పోనీ తోపు తగ్గిస్తే, నెమ్మదిగా వాలేటప్పుడు లెక్క సరిగానే ఉంటుంది కాబట్టి ఆ తోపు చాలదు. అందుకే అయితే వణకడం, లేకపోతే పారిపోవడం. లోపం ఆ మూడు అంకెల్లో లేదు, ఎంత సవరించినా దొరకదు. నా సలహా విని ఉంటే ఆ గంటంతా అంకెలతోనే గడిచిపోయేది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి. తీసేసిన వాక్యాలు మళ్లీ పెట్టేస్తే బండి నిలబడుతుంది, రెండు నిమిషాల పని. నేను కళ్లతో అదే సైగ చేశాను. అక్క తల అడ్డంగా ఊపింది. అలా చేస్తే బండి ఆ అంకెల దయతో నిలబడ్డట్టు అవుతుంది. ఆమె ప్రోగ్రాములో చుట్టు మొదట్లో కొత్తగా ఒక వాక్యం రాసింది. కిందటి చుట్టు మొదలై పది మిల్లీసెకన్లు పూర్తయ్యే దాకా ఆగు, అప్పుడే కదులు. మళ్లీ కొలిచింది. మెట్టు వెడల్పు పది. కావాలని ఒక అంకె తెరకు పంపించే వాక్యం చేర్చి కొలిచింది, పది. తీసేసి కొలిచింది, పది. అప్పుడు బండిని నేల మీద పెట్టి చూసుకుంది. ఈసారి చూడకుండా చదరంలోకి తీసుకెళ్లే ప్రసక్తే లేదు.

"అయిందండీ," అంది.

చదరంలో తాగుబోతు నిలబడింది. ఏమని చెప్పను! నా బండిలా షికార్లు లేవు. చూడకపోతే మోటార్లు తిరుగుతున్నాయనే తెలియదు, సన్నగా గుంయ్‌మనే చప్పుడు మాత్రం ఉంది. పరీక్షకుడు వంగి వేలితో తోశాడు. వెనక్కి జరిగి, తల ఊపి, సర్దుకుంది. రెండోసారి కాస్త గట్టిగానే తోశాడు. టేపు అంచు దాకా వెళ్లి తిరిగొచ్చింది. అత్తగారి కర్రపోట్లు తిన్న బండికి ఆయన వేలు ఒక లెక్కా! నిమిషం దాటింది, రెండు నిమిషాలూ దాటాయి. ఎవరూ ఆపమనలేదు. నాకు ఈల వేయాలనిపించింది, మాస్టారు ఉన్నాడని ఊరుకున్నాను. చూస్తే ఆయనే చప్పట్లు కొడుతున్నాడు.

కానీ వైవా మిగిలే ఉంది. రెండుసార్లూ ఆమె జారింది అక్కడే.

పరీక్షకుడు కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "మొదట పడింది, తర్వాత నిలబడింది. మూడు అంకెలూ మార్చలేదని మీ పుస్తకంలోనే ఉంది. మరి మధ్యలో ఏం జరిగింది?"

అక్క మొహంలో రంగు మారింది. చేతులు రెండూ చీర చెంగు మడత సరిచేసుకుంటున్నాయి. అలవాటు కొద్దీ ఆ పాత మాటే నోటి దాకా వచ్చేసింది. "మాస్టారుని..." అని ఆగిపోయింది.

"మాస్టారుకి తెలియదమ్మా," అన్నాడు ఆయన. "నాకూ తెలియదు. అక్కడ కూర్చుని చూశాను కానీ ఆసిలోస్కోపుతో మీరు ఏం వెతికారో నాకు అర్థం కాలేదు. ఈ గదిలో తెలిసింది మీ ఒక్కరికే. ఇంకెవరిని అడగను?"

ఇందులో వెటకారం ఏమైనా ఉందా అని నేను ఆయన మొహం చూశాను. లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అక్క కూడా అదే చూసిందనుకుంటాను. అక్కా, ఒక్క ముక్క చెప్పక్కా, అని మనసులో గొణుక్కుంటున్నాను.

"పొద్దున సర్దానండీ," అని మొదలుపెట్టింది.

మొదట మాటలు ఆగి ఆగి వచ్చాయి. తీసేసిన వాక్యాలు, పది, నాలుగు. ఆయన మధ్యలో, "అయితే నిన్న నిలబడింది సరైన కారణానికి కాదన్నమాట," అన్నాడు. "కాదండీ. నిన్న పొరపాటున నిలబడింది. కొలిచింది సరిగానే కొలిచాను, కానీ కొలిచినది అలాగే ఉండిపోతుందనుకున్నాను. అదీ నా తప్పు," అంది. ఆ మాట అన్నాక ఆమె నడుం నిటారైంది. "ఇలా చెబితే తెలియదు, ఉండండి," అని లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్లింది.

పరీక్షకుడు ఆమె లేవగానే మార్కుల కాగితం మీద ఏదో రాసి, సంతకం చేసి, కాగితం బోర్లించాడు. నేను లిఫ్టు గొయ్యిలో కూడా మర చూడగలిగినవాణ్ని, ఆ అంకె నాకు కనపడకుండా పోతుందా? అదే కాగితంలో పైనున్న నా మార్కుల కన్నా పద్నాలుగు ఎక్కువ. ఇంత సంతోషంగా నేను ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు.

అక్కకి ఆ సంగతి తెలియదు, చెప్పుకుంటూ పోతోంది. మెట్ల గీత గీసింది. ఒక డిగ్రీ రెండున్నర ఎలా అయిందో రాసింది. తగ్గిస్తే ఎందుకు పారిపోతుందో చూపించింది. అక్కడి నుంచి బ్యాటరీ నీరసించిపోతే ఇవే అంకెలు ఎందుకు చాలవో, గరుకు నేలకూ నున్నటి నేలకూ తేడా ఏమిటో, ఏ బ్యాచ్ పిల్లలు ఏ తప్పు చేస్తారో, అంకె మార్చే ముందు చుట్టు కొలవాలని వాళ్లకు ఎలా చెబితే ఎక్కుతుందో, అన్నీ వరసగా చెప్పింది. పందొమ్మిదేళ్లుగా ప్రతి బల్ల దగ్గరా నిలబడి చూసి, మింగేసిన మాటలవి. ఒక్కటీ చెడిపోలేదు. వంతు కోసం చూస్తున్న మిగతా ముగ్గురూ తమ బండ్లు వదిలేసి ముందు బల్లల దగ్గరికి చేరారు. ఒకడు, "అక్కా, నాది కూడా ఇలాగే అవుతుందా?" అని అడిగితే, "నీది చూశాను. నువ్వు అంకెలు పంపుతూనే ఉన్నావు, అందుకే నిలబడుతోంది. పరీక్షకు ముందే కొలుచుకో," అంది. వాడు పరుగెత్తాడు. మాస్టారు నా పక్కన కూర్చుని నా దగ్గర కాగితం అడిగి తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు.

అలా ఎంతసేపు గడిచిందో. చదరంలో బ్యాటరీ అయిపోయి తాగుబోతు ముందుకు ఒరగబోతే నేనే వెళ్లి పట్టుకుని మీట ఆపాను. ఆ చప్పుడుకు అక్క ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. గదిలో అందరూ తన వైపే చూస్తున్నారు. చేతి నిండా సుద్దపొడి, చెంగు మీద సుద్దపొడి, నల్లబల్ల మీద ఒక్క ఖాళీ చోటు లేదు. ఆమె మొహం చిన్నబోయింది.

"ఎక్కువ మాట్లాడేశానాండీ?" అంది.

పరీక్షకుడు తను రాసుకుంటున్న పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. "ఆ పిల్లలకు ఎలా చెప్పాలన్న దగ్గర ఆగారమ్మా," అన్నాడు. "తర్వాత చెప్పండి."

అక్క చేత్తోనే నల్లబల్ల తుడిచి చోటు చేసుకుని, మళ్లీ మొదలుపెట్టింది.